బయోలో లింకులు పదకొండు, పనికొచ్చేది తొమ్మిదోది

పోయిన పెళ్లిళ్ల సీజన్లో పెనుకొండలో ఒక కళ్యాణ మండపంలో కూర్చుని ఉన్నా. పక్క కుర్చీలో పెళ్లికూతురు వాళ్ల పిన్ని. "ఇన్‌స్టాలో చీరల వీడియోలు చేసే అమ్మాయి మీ అక్కేనంట కదా నాయనా? పెళ్లి చీరకి ముందే మడతలు పెట్టి ఇస్తుందంట. మా పాపకి వచ్చే నెల కావాల" అని అడిగింది. నేను గర్వంగా "బయోలో లింకు ఉంది ఆంటీ, నొక్కండి, అంతా అందులోనే ఉంది" అన్నా.

ఆవిడ నొక్కింది. ముందు ఒక యూట్యూబ్ వీడియో లోడ్ అవడం మొదలైంది. మండపంలో నెట్ సంగతి మీకు తెలిసిందే, ఆ చక్రం తిరుగుతూనే ఉంది. వేలితో పైకి తోసింది. బటన్లు, బటన్లు, ఇంకా బటన్లు. ఏదో ఒకటి నొక్కితే షాపింగ్ యాప్ తెరుచుకుంది, అందులో ఒక స్టీమర్ ఉంది. "ఇస్త్రీ పెట్టెలు కూడా అమ్ముతుందా మీ అక్క?" అని ఫోన్ పక్కన పెట్టేసింది. తర్వాత ఆ పని ఊళ్లోని పార్లర్‌కి ఇచ్చారని తెలిసింది.

ఆ పేజీ డిజైన్ చేసింది నేనే. బీటెక్ చదివి, బెంగళూరులో రోజూ కోడ్ రాసుకునే నేను. ఫోన్లో డిస్‌ప్లే బాలేదంటే పేజీలు పేజీలు రాస్తాం కదా, నా పేజీ గురించి కూడా నేనే రివ్యూ రాసుకుంటున్నా అనుకోండి.

అసలు ఈ పేజీ ఎందుకు

2016లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, మ్యూజిక్ బ్యాండ్ల సోషల్ మీడియా చూసుకునే కొంతమంది, ఇన్‌స్టా బయోలో ఒక్క లింకే పెట్టనిస్తుండటంతో రోజూ దాన్ని మార్చలేక విసిగిపోయి లింక్‌ట్రీ మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్లో ఇన్‌స్టాగ్రామే ఐదు లింకుల దాకా పెట్టుకోనిచ్చింది. కాబట్టి మీకు ఉన్నది రెండు మూడు లింకులే అయితే ఈ పేజీలూ గీజీలూ అక్కర్లేదు, నేరుగా బయోలో పెట్టుకోండి. కాకపోతే అక్కడ కూడా బయట కనిపించేది మొదటిదే, మిగతావి నొక్కితేనే తెరుచుకుంటాయి. వరుస సమస్య అక్కడా తప్పదు.

మా అక్క సంగతి వేరు. ఆమెది మెట్టినిల్లు ధర్మవరం, ఇంట్లో మగ్గాలు ఉన్నాయి. చీరల మీద రీల్స్ చేస్తుంది. అమ్మకానికి చీరలు ఉన్నాయి, వాట్సాప్‌లో ఆర్డర్. చీర కట్టుడు మీద రికార్డ్ చేసిన క్లాస్ ఉంది, 499 రూపాయలు. పెళ్లి చీరలకి ప్రీ ప్లీటింగ్ చేసి, కావాలంటే ఇంటికొచ్చి కట్టే సర్వీస్ ఉంది, అది హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరకే. ఇవి కాక యూట్యూబ్, మూడు అఫిలియేట్ లింకులు, ఫేస్‌బుక్, టెలిగ్రామ్, బ్రాండ్ల కోసం మెయిల్, ఎప్పుడో దీపావళికి పెట్టిన గివ్‌అవే ఫారం. మొత్తం పదకొండు. వరుస ఎలా పెట్టానంటే, ఆమె చెప్పింది చెప్పినట్టు పెట్టా. యూట్యూబ్ సబ్‌స్క్రైబర్లు పెరగాలని వీడియో అన్నిటికన్నా పైన. సర్వీస్ కొత్తగా మొదలుపెట్టింది కాబట్టి తొమ్మిదో చోట.

మన దగ్గర క్రియేటర్ల పేజీలు చాలావరకు ఇలాగే ఉంటాయి. పాతది పైన, కొత్తది కింద, లేకపోతే క్రియేటర్‌కి ముద్దొచ్చేది పైన. నొక్కే మనిషి ఎందుకు వచ్చాడు అన్నది ఆ వరుసలో ఎక్కడా ఉండదు.

స్క్రీన్ మీద నిజంగా ఎంత చోటుంది

ముందు కొలతలు చూద్దాం, ఇది మన సైట్ పాఠకులకి ఇష్టమైన భాగం. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో వెబ్ పేజీకి వెడల్పు సుమారు 360 పిక్సెళ్లు (సీఎస్‌ఎస్ పిక్సెళ్లు, ప్యానెల్ రిజల్యూషన్ కాదు). ఇన్‌స్టా లోపలి బ్రౌజర్ పైపట్టీ, కింది నావిగేషన్ పోతే ఎత్తు 640 దాకా మిగిలిందనుకోండి. వేలికి అందే బటన్ 56, దాని కింద ఖాళీ 12, కలిపి ఒక్కో లింకుకి 68.

నేను చేసిన పేజీలో ఫొటో, పేరు, నాలుగు లైన్ల పరిచయం కలిపి 260. దాని కింద వీడియో 210. అంటే 470 అయిపోయింది. మిగిలిన 170లో పట్టేవి రెండు బటన్లు, మూడోది సగం. తొమ్మిదో లింకు రెండో స్క్రీన్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అక్కడికి వచ్చేలోపు ఇస్త్రీ పెట్టె తగులుతుంది.

ఫొటోని 64కి కుదించి, పరిచయం ఒక్క లైన్ చేస్తే పైభాగం మొత్తం 110లో అయిపోతుంది. అప్పుడు 530 మిగులుతుంది, ఏడు బటన్లు పడతాయి. మనిషి ఇప్పుడే ప్రొఫైల్ చూసి, అక్కడి నుంచి నొక్కి వచ్చాడు. మళ్లీ అదే ఫొటో పెద్దది చేసి చూపించడం దేనికి? రంగుల బ్యాక్‌గ్రౌండ్లు, తిరిగే అంచులు, ఇవన్నీ దీని తర్వాతి మాటే.

క్లిక్కులు చూసి మోసపోయా

మండపం సంఘటన తర్వాత లెక్క పెట్టడం మొదలెట్టా. రెడీమేడ్ సర్వీసుల్లో క్లిక్కుల లెక్క వాళ్లే చూపిస్తారు. నాది సొంత పేజీ కాబట్టి ఈ నాలుగు లైన్లు పెట్టుకున్నా:

```
document.querySelectorAll("a[data-n]").forEach(a =>
  a.addEventListener("click", () =>
    navigator.sendBeacon("/c", a.dataset.n)
  ));
```

మామూలు రిక్వెస్ట్ పంపితే, లింకు నొక్కగానే పేజీ వెళ్లిపోతుంది కాబట్టి అది మధ్యలోనే ఆగిపోవచ్చు. `sendBeacon` పేజీ వెళ్లిపోయాక కూడా బ్యాక్‌గ్రౌండ్‌లో పంపిస్తుంది. సర్వర్ వైపు `/c` కి వచ్చినవి పేరు వారీగా కూడుకుంటే చాలు.

రెండు వారాల్లో సుమారు వెయ్యి మంది వచ్చారు. యూట్యూబ్‌కి 310 క్లిక్కులు, వాట్సాప్ చీరలకి 140, అఫిలియేట్ మూడిటికీ కలిపి 60, క్లాస్‌కి 35, చచ్చిపోయిన దీపావళి ఫారానికి 22 (నిజం!), ప్లీటింగ్‌కి 9. అక్క చూసి, "చూసినావా, యూట్యూబే పైన ఉండాల. ప్లీటింగ్ ఎవురికీ అవసరం లేదు" అంది. నాక్కూడా మొదట అలాగే అనిపించింది.

అయితే పైన ఉన్నదాన్ని జనం ఎక్కువ నొక్కుతారు, పైన ఉంది కాబట్టి. క్లిక్కుల్ని బట్టి వరుస పెడితే, ముందు ఏ వరుస పెట్టామో అదే మళ్లీ మనకి తిరిగొస్తుంది. ఈ పొరపాటు అనలిటిక్స్ స్క్రీన్‌షాట్లు స్టోరీలో పెట్టుకునే చాలామంది చేస్తున్నారు.

అందుకే నేను క్లిక్కు తర్వాత ఏమైందో అక్కని అడిగి పక్కన రాసుకున్నా. వాట్సాప్‌కి వచ్చిన 140 మందిలో ఆరు చీరలు అమ్ముడయ్యాయి. ఖర్చులు పోను చీరకి 900 మిగిలిందనుకుంటే 5,400. క్లాస్ నలుగురు కొన్నారు, దగ్గర దగ్గర 2,000. ప్లీటింగ్ తొమ్మిది మందిలో మూడు బుకింగులు, సగటున 1,200 చొప్పున 3,600. అఫిలియేట్ మొత్తం 240 రూపాయలు. యూట్యూబ్ నుంచి చేతికొచ్చింది ఏమీ లేదు. వాళ్లు ఎలాగూ ఇక్కడ ఫాలో అవుతున్నవాళ్లే, అదే వీడియో అక్కడ కూడా చూశారు, అంతే.

ఇప్పుడు భాగించండి. ఒక్కో క్లిక్కుకి ప్లీటింగ్ 400 రూపాయలు, క్లాస్ 57, చీరలు 39, అఫిలియేట్ 4. ఎవరికీ అక్కర్లేదు అనుకున్నది అన్నిటికన్నా విలువైనది!

ఇక్కడ ఒక జాగ్రత్త. తొమ్మిదిలో మూడు అంటే చాలా చిన్న లెక్క, అదృష్టం కూడా కావచ్చు. అందుకని నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటా: ఆ మూడూ ఒక్కటే అయి ఉంటే వరుస మారేదా? ఒక్క బుకింగే వచ్చినా క్లిక్కుకి 133 పడుతుంది, అప్పటికీ క్లాస్ కన్నా రెట్టింపు పైనే. కాబట్టి పైకి తేవచ్చు. అదే క్లాసుకీ చీరలకీ మధ్య తేడా అంత గట్టిది కాదు. నాలుగు క్లాసులు రెండయితే 29కి పడిపోయి వరుస తారుమారు అవుతుంది. అలాంటి చోట అంకెల మీద పోట్లాట పెట్టుకోవద్దు.

డబ్బుతో పాటు గంటలు కూడా

ఇంకో లెక్క నేను ముందు వేయలేదు, అక్కే వేసింది. 140 వాట్సాప్ చాట్లు, ఒక్కోటి సగటున పది నిమిషాలు. "ప్రైస్?", "ప్యూరేనా?", "సీఓడీ ఉందా అక్కా?", మళ్లీ ఇంకో ఫొటో, మళ్లీ "ఓకే అక్క చెప్తా". మొత్తం 1,400 నిమిషాలు, అంటే 23 గంటలు. 5,400ని 23తో భాగిస్తే గంటకి 235. ప్లీటింగ్‌కి ప్రయాణంతో కలిపి బుకింగ్‌కి మూడు గంటలు, మొత్తం తొమ్మిది గంటలకి 3,600, అంటే గంటకి 400. "రాత్రి పదకొండు దాకా ఫోన్ పట్టుకొని కూర్చుంటే ఆరు చీరలు పాయె. ఇట్లయితే వీడియోలు ఎప్పుడు చేయాల రా?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ఇదంతా ఆపేసే ఆలోచనలో ఉందని నాకు తర్వాత అర్థమైంది.

అందుకే వాట్సాప్ లింకుని నేరుగా పైన పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. మా దగ్గర ఇప్పుడు "చీరలు" నొక్కితే ముందు ఒక చిన్న క్యాటలాగ్ వస్తుంది. పన్నెండు చీరలు, ప్రతిదానికీ ఫొటో, ధర, సిల్క్ మార్క్ ఉందా లేదా, జరీ ఏ రకం, ఎన్ని రోజుల్లో చేరుతుంది, ముందే డబ్బు కట్టాలా. రోజూ వచ్చే ప్రశ్నలన్నీ అక్కడే అయిపోతాయి. చీర నచ్చితే దాని కిందే వాట్సాప్ బటన్. అందులో మెసేజ్ ముందే రాసి ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=D14%20cheera%20undaa
https://wa.me/91XXXXXXXXXX?text=Pelli%20date:%0AOoru:
```

నంబర్‌కి ముందు దేశం కోడ్ 91 ఉండాలి, ప్లస్ గుర్తు, సున్నా ఉండకూడదు. మొదటిది D14 నంబర్ చీర కోసం. రెండోది ప్లీటింగ్ కోసం, తేదీ, ఊరు నింపి పంపితే చాలు, అక్క క్యాలెండర్ చూసి ఒక్క మాటలో జవాబిస్తుంది. తర్వాతి రెండు వారాల్లో చాట్లు 140 నుంచి 60కి తగ్గాయి, చీరలు ఏడు అమ్ముడయ్యాయి. తగ్గిన ఎనభై మంది ధర చూసి వెళ్లిపోయినవాళ్లే. వాళ్లకీ టైం మిగిలింది, అక్కకీ మిగిలింది.

క్లిక్కులు తగ్గడం కూడా మంచిదే

ప్లీటింగ్‌ని తొమ్మిది నుంచి రెండుకి తెచ్చా. పేరు "బ్రైడల్ ప్లీటింగ్ బుక్ చేయండి". క్లిక్కులు 9 నుంచి 41కి ఎగిరాయి, బుకింగులు మాత్రం ఐదే. మిగతా చాట్లు చూస్తే "హైదరాబాద్ వస్తారా?", "విజయవాడ?", ఒకరు డల్లాస్ నుంచి. తప్పు వాళ్లది కాదు, బటన్ మీద ఊరి పేరు లేదు.

మార్చి "పెళ్లి చీర ప్లీటింగ్: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం" అని పెట్టా. క్లిక్కులు 26కి పడిపోయాయి, బుకింగులు ఆరు. ఇక్కడ బటన్ మీద రాసే మాట వరుస అంత ముఖ్యం. ఫలానా ఊరి పేరు చూడగానే ఆ ఊరివాళ్లు ఆగుతారు, మిగతావాళ్లు దాటిపోతారు. "నా సర్వీసులు", "మరిన్ని వివరాలు", "ఇక్కడ నొక్కండి" లాంటి బటన్లు ఎవరినీ ఆపవు, ఎవరినీ పంపవు.

మొదటి చోటు ఎవరిది

ప్లీటింగ్ రెండో చోట అన్నా కదా, మరి మొదటిది? ఆ వారం రీల్‌ది. రీల్ చివర "లింక్ బయోలో ఉంది" అని చెప్పగానే వచ్చేవాళ్లు ఆ రీల్లో చూసినదాని కోసమే వస్తారు. ఎరుపు ఆకుపచ్చ బార్డర్ చీర చూసి వచ్చినవాడికి మొదటి బటన్ "రీల్లో చూసిన ఎరుపు చీర" అని ఉండాలి. లేకపోతే అతను ఇప్పుడే చూసినదాన్ని పన్నెండింట్లో మళ్లీ వెతుక్కోవాలి. ఇది వారానికోసారి మార్చే బటన్. రీల్ పోస్ట్ చేసే ముందే మార్చాలి, తర్వాత కాదు. మేము రెండుసార్లు మర్చిపోయాం, రెండుసార్లూ కామెంట్లలో "లింక్ ఎక్కడ అక్కా" అని వరస కట్టారు. మీ పేజీలో వరుస బాలేదని చెప్పడానికి అనలిటిక్స్ కన్నా ఆ కామెంటే ముందుగా వస్తుంది.

దాని కింద మూడు: ప్లీటింగ్, చీరలు, క్లాస్. ఐదోది "నేను వాడే వస్తువులు", అఫిలియేట్లు మూడూ అందులోకి వెళ్లిపోయాయి, కమీషన్ వస్తుందని అక్కడే రాసి ఉంది. యూట్యూబ్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్ చిన్న ఐకాన్లుగా కిందికి. బ్రాండ్ల మెయిల్ అన్నిటికన్నా చివర. కొలాబ్ కోసం వచ్చినవాళ్లు పని మీద వచ్చినవాళ్లు, చివరిదాకా వెతుకుతారు. పెళ్లికూతురి పిన్ని వెతకదు. దీపావళి ఫారం తీసేశాం, శాంతి.

ఈ మధ్య మూడిటి వరుస మీద మాత్రం అక్కకీ నాకూ గొడవ అయింది. "మగ్గం మా ఇంటిది. చీర కింద, మడత పైనా?" అంది. లెక్కలు చూపించా. ఆమె పంచాంగం చూపించింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ప్లీటింగ్ పైన పెట్టి ఏం లాభం? శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, చీరలు కదులుతాయి. నా లెక్క పెళ్లిళ్ల సీజన్లో తీసిన రెండు వారాలది, దాన్ని ఏడాదికంతా అంటగడుతున్నా. ఆమె చెప్పిందే కరెక్ట్. ఇప్పుడు ముహూర్తాలు ఉన్న నెలల్లో ప్లీటింగ్, శ్రావణానికి ముందు నుంచి చీరలు, ఆషాఢంలో క్లాస్ పైకి వస్తాయి. కోడ్‌లో ఇది ఆటోమేటిక్ చేద్దామనుకున్నా, తిథుల లైబ్రరీ వెతకడం కూడా మొదలెట్టా. ఏడాదికి నాలుగైదు సార్లు చేత్తో మార్చేదానికి అంత అవసరమా అని వదిలేశా.

చివరి పరీక్ష ఇన్‌స్టా లోపలే చేయండి

పేజీని మనం ల్యాప్‌టాప్‌లోనో క్రోమ్‌లోనో చూసి ఓకే అనుకుంటాం. వచ్చేవాళ్లు మాత్రం ఇన్‌స్టా లోపలి బ్రౌజర్లో తెరుస్తారు. అక్కడ వాళ్ల గూగుల్ లాగిన్ ఉండదు, కొన్నిసార్లు యూపీఐ బటన్ నొక్కినా పేమెంట్ యాప్‌లోకి దూకదు. మా క్లాస్ పేజీలో నేను తెలివిగా క్యూఆర్ కోడ్ పెట్టా. చూస్తున్న ఫోన్లోనే ఉన్న క్యూఆర్‌ని ఆ ఫోన్ కెమెరాతో ఎలా స్కాన్ చేస్తారు? నెల రోజులు ఎవరూ చెప్పలేదు, కొనకుండా వెళ్లిపోయారంతే. పేజీ తెరిచినవాళ్లు బాగానే ఉండి, కట్టినవాళ్లు మరీ తక్కువ ఉంటే ముందు అనుమానించాల్సింది ఇదే, ధరని కాదు. ఇప్పుడు క్యూఆర్ పక్కనే యూపీఐ ఐడీ కాపీ చేసుకునే బటన్, "బ్రౌజర్లో తెరవండి" అని ఒక లైన్ ఉన్నాయి.

పరీక్షకి మంచి ఫోన్ వాడొద్దు. నేను అమ్మ పాత ఫోన్ తీసుకుని, వైఫై ఆపేసి, హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే రైల్లో కూర్చుని తెరిచి చూస్తా. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఏది ఆలస్యమో ఇట్టే తెలుస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు నేను ముచ్చటపడి పెట్టుకున్న తెలుగు ఫాంట్ దిగేదాకా బటన్ల మీద అక్షరాలే లేవు. తీసేసి ఫోన్లో ఉన్న ఫాంటే వాడుతున్నా.

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. యూట్యూబ్ ఐకాన్ చాలా చిన్నగా ఉందంట, కొంచెం పెద్దది చేయమంటోంది. ఎంత పెద్దది అని అడిగితే, "ముందు వీడియో ఉండేది కదా, అంత" అంది. ఆదివారం ధర్మవరం వెళ్తున్నా, ఆ 310 క్లిక్కుల కాగితం జేబులో పెట్టుకుని.